ఫోనుతో పాటు ఏమివ్వాలి? – ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణదారుడి కాంబో లెక్క

కొన్నేళ్ల క్రితం రంజాన్ చివరి పది రోజుల్లో మా ఎలక్ట్రానిక్స్ దుకాణం ముందు పెద్ద బోర్డు పెట్టాను. "మెగా కాంబో – 16,499 రూపాయలు మాత్రమే. ఫోనుతో 2,200 రూపాయల బహుమతులు ఉచితం" అని రాయించాను. బజారు అర్ధరాత్రి దాకా కిటకిటలాడే రోజులవి. పండుగ లోపు బాగానే అమ్ముడయ్యాయి. గల్లాపెట్టె చూసుకుని సంతోషపడ్డాను.

పండుగ అయిన ఇరవై రోజులకు మా వీధి చివర ఉండే రిటైర్డ్ మాష్టారు వచ్చారు. హైదరాబాద్ హాస్టల్లో చేరబోయే కూతురి కోసం ఆ కాంబో కొన్నారాయన. అందులోని నెక్‌బ్యాండ్ ఒకవైపు పలకడం మానేసింది. కౌంటర్లో ఉన్న మా కుర్రాడు, "అది ఉచితంగా ఇచ్చింది మాష్టారూ, దానికి వారంటీ ఉండదు" అన్నాడు. ఆయన కోప్పడలేదు. జేబులోంచి బిల్లు తీసి, మడత విప్పి నా ముందు పెట్టారు. "ఉచితమే అయితే పక్క వీధిలో 15,000కి దొరికే ఫోనుకు మీరు 16,499 ఎందుకు తీసుకున్నారు బాబూ? ఇందులో ఫోను ధరెంత, తక్కిన వాటి ధరెంత, కాస్త చెప్పండి" అన్నారు.

బిల్లులో ఒకే వరుస ఉంది: "మెగా కాంబో – 16,499." నా దగ్గర జవాబు లేదు. నెక్‌బ్యాండ్ మార్చి ఇచ్చి పంపాను. ఆ రాత్రి కాగితం తీసుకుని, నేను అసలు ఏం అమ్మానో లెక్క వేశాను. ఈ వ్యాసం ఆ రాత్రి మొదలైన లెక్కే. ఈ సంచిక చదివేవారిలో చాలామంది ఏదో ఒక గల్లాపెట్టె వెనుక కూర్చునేవారే కాబట్టి, దాన్ని దాచకుండా మీ ముందు పెడుతున్నాను.

ఆ కాంబోలో ఏముందంటే, 15,000 రూపాయల ఫోను, 250 రూపాయల పౌచ్, 150 రూపాయల టెంపర్డ్ గ్లాసు, 900 నెక్‌బ్యాండ్, 500 రింగ్ లైటు, 400 సెల్ఫీ స్టిక్. ఫోను తీసేస్తే తక్కినవి 2,200. వాటికి నేను మొత్తం మీద వసూలు చేసింది 1,499. అంటే ఉన్నమాట చెబితే, "2,200 రూపాయల వస్తువులు 1,499కే" అని రాయాలి. అది మంచి బేరమే, అబద్ధం అక్కర్లేని బేరం. కాని నేను "ఉచితం" అని రాశాను. ఆ ఒక్క మాటతో సరైన తగ్గింపు కూడా మోసంలా కనబడింది.

ఇంకో సంగతి కూడా తేలింది. మాష్టారికి కావలసింది పౌచ్, గ్లాసు మాత్రమే. విడిగా కొంటే 400తో పోయేది. అంటే కూతురు వాడని రింగ్ లైటుకూ, సెల్ఫీ స్టిక్కుకూ, పాడైపోయిన నెక్‌బ్యాండుకూ కలిపి ఆయన 1,099 రూపాయలు ఎక్కువ ఇచ్చారు. నా బిల్లు విలువ పెరిగింది ఆ 1,099 వల్లే.

అసలు కాంబో ఎందుకు పెడతాం

బయటివారికి ఫోన్ల దుకాణం చూస్తే లక్షల వ్యాపారం అనిపిస్తుంది. లోపల ఉన్నవారికి తెలుసు, ఫోను మీద మిగిలేది చాలా తక్కువ. మా దుకాణంలో 15,000 ఫోను మీద ఖర్చులకు ముందు మిగిలేది దాదాపు 500. ఆన్‌లైన్ ధర ప్రతి కొనుగోలుదారుడి చేతిలోనే ఉంటుంది కాబట్టి ఫోను ధర పెంచే వీలు లేదు. అదే పౌచ్ నాకు 90కి వస్తుంది, 250కి అమ్ముతాను, 160 మిగులుతుంది. గ్లాసు 40కి వచ్చి 150కి పోతుంది, 110 మిగులుతుంది. అంటే నాలుగు వందల రూపాయల చిన్న సామాను మీద వచ్చేది, పదిహేను వేల ఫోను మీద వచ్చేదానిలో సగానికి పైనే. అద్దె, కరెంటు, కుర్రాళ్ల జీతాలు నడిచేది ఈ చిన్న సామానుతోనే.

కాబట్టి ఫోను కొన్న మనిషి చిన్న సామాను కూడా మా దగ్గరే తీసుకోవాలని మేము కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆయనకూ అందులో సౌకర్యం ఉంది. గ్లాసు ఇంటికి తీసుకెళ్లి అతికిస్తే దుమ్ము పడి బుడగలు వస్తాయి, కౌంటర్లో అయితే మేమే అతికిస్తాం. మరి ఏవి కలపాలి, ఎంతకు కలపాలి, ఎలా చెప్పాలి అన్నవే ప్రశ్నలు.

ఏవి కలపాలన్న దానికి నేను ఇప్పుడు ఒకే కొలత పెట్టుకున్నాను. ఈ వస్తువు కొన్న మనిషి వారం లోపు ఎలాగూ మరో దుకాణానికి వెళ్లి కొనే సామాను ఏది? ఫోనుకైతే పౌచ్, గ్లాసు. కొందరికి ఛార్జరు. ఆపిల్ 2020లో ఐఫోన్ 12తో పెట్టెలోంచి ఛార్జరు తీసేసింది. తర్వాత మరికొన్ని కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు మధ్యస్థ ధర ఫోన్లలో కూడా కొన్నింటి పెట్టెలో కేబుల్ తప్ప ఛార్జరు ఉండదు. ఆ సంగతి కొనేవారికి ఇంటికి వెళ్లాక తెలిస్తే మన మీద కోపం, కౌంటర్లో తెలిస్తే మనకు అమ్మకం. అందుకే ఏ మోడల్ పెట్టెలో ఏముంటుందో ఒక అట్ట మీద రాసి కౌంటర్ లోపలి వైపు అతికించాం.

రింగ్ లైటు ఈ కొలతకు నిలవదు. వీడియోలు తీసే కుర్రాడికి అది అవసరమే, అలాంటివాడు అడిగి కొంటాడు. అందరికీ అంటగట్టడానికి నాకున్న కారణం ఒక్కటే, అవి రెండు డజన్లు గోదాములో పేరుకుపోయి ఉన్నాయి. కదలని సరుకును కాంబోలోకి నెట్టడం మన వ్యాపారంలో అందరికీ ఉన్న అలవాటు. ఆ సరుకు వదిలించుకోవాలంటే విడిగా ఒక బుట్టలో పెట్టి "సగం ధర" అని రాయడం మేలు. కాంబోలో పెడితే అది తనతో పాటు మంచి సరుకు పరువు కూడా తీస్తుంది.

ఇది నా ఊహ కాదు. కింబర్లీ వీవర్, స్టీఫెన్ గార్సియా, నోర్బర్ట్ ష్వార్జ్ అనే ముగ్గురు పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. అందులో ఒక పరీక్షలో ఐపాడ్ టచ్, దాని కవరు కలిపి ఒక ప్యాకేజీ చేశారు. ఇంకో ప్యాకేజీలో వాటికి తోడు ఒక పాటను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే అవకాశం కలిపారు. అమ్మేవారి స్థానంలో ఉన్నవారు పాట కలిపితే విలువ పెరుగుతుందనుకున్నారు. కొనేవారి స్థానంలో ఉన్నవారు మాత్రం పాట కలిపిన ప్యాకేజీకే తక్కువ ధర కట్టారు. మనం పెట్టెలో ఉన్నవన్నీ కూడుకుంటూ పోతాం, చూసేవాడు అన్నిటికీ కలిపి సగటు మార్కు వేస్తాడు. మంచి ఫోను పక్కన నాసి సెల్ఫీ స్టిక్ కనబడితే, "ఈ ఫోనులో కూడా ఏదో లోపం ఉంది కాబోలు" అనుకుంటాడు. మా బోర్డు ముందు నిలబడి ఒకాయన అచ్చంగా ఈ మాటే అన్నారు. ఆనాడు నాకు అర్థం కాలేదు.

మూడు వరుసల అట్ట

మెగా కాంబో తీసేశాక, ప్రతి ఫోను పక్కన అరచేయంత అట్ట పెట్టాను. దాని మీద మూడే వరుసలు. మొదటిది ఫోను మాత్రమే, 15,000. రెండోది ఫోను, పౌచ్, గ్లాసు, 15,300. విడిగా అయితే 15,400 అని దాని కిందే రాశాను. మూడోది వీటికి కంపెనీ ఛార్జరు కూడా కలిపి, 16,300. విడిగా అయితే 16,500. ఛార్జరు మాకు 850కి వస్తుంది, 1,100కి అమ్ముతాం.

మొదటి వరుస అన్నిటికంటే ముఖ్యం. ఫోను ఒక్కటే ఎంతకు వస్తుందో పైనే కనబడితే కొనేవాడి మనసు కుదుటపడుతుంది. ఆన్‌లైన్ ధరతో పోల్చుకుంటాడు, సరిపోయిందనుకుంటాడు, ఆ తర్వాతే రెండో వరుస చూస్తాడు. మెగా కాంబో రోజుల్లో ఈ పోలిక దొరక్క, 16,499ని 15,000తో పోల్చి "వెయ్యిన్నర ఎక్కువ" అని వెళ్లిపోయినవారు ఎందరో. వారిని నేను లెక్కపెట్టలేదు. అమ్ముడైన కాంబోలు కనబడతాయి, వెనక్కి తిరిగిన మనుషులు పుస్తకంలో కనబడరు.

వరుసలు మూడే ఉండటం కూడా కావాలనే చేసింది. మొదట్లో ఆరు పెట్టాను. పౌచ్‌తో ఒకటి, గ్లాసుతో ఒకటి, ఇయర్‌ఫోన్‌తో ఒకటి. అట్ట చూసినవాడు లెక్కలు వేసుకుంటూ నిలబడిపోయేవాడు. చివరికి "ఇంట్లో అడిగి వస్తా" అనేవాడు. ఇంట్లో అడగాల్సి వచ్చిందంటే మనం చెప్పింది అర్థం కాలేదనే. ఇప్పుడు నా పరీక్ష ఇదే. కొన్నవాడు ఇంటికి వెళ్లి, దేనికి ఎంత ఇచ్చాడో కాగితం చూడకుండా భార్యకు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ సెట్టు గజిబిజిగా ఉన్నట్టే.

ఇంతవరకు బాగానే ఉంది. కాని డబ్బు లెక్క చూసేసరికి ఇంకో దెబ్బ తగిలింది.

వందమంది ఫోను కొన్నవారి లెక్క చెబుతాను. సులువుగా ఉండాలని సంఖ్యలు గుండ్రం చేశాను, జీఎస్టీ పక్కన పెట్టాను. ఏ కాంబో లేని మామూలు రోజుల్లో వందమందిలో 40 మంది పౌచ్, గ్లాసు పూర్తి ధరకు కొనేవారు. 10 మంది ఛార్జరు కూడా కొనేవారు. చిన్న సామాను మీద నాకు మిగిలేది, నలభై మందికి 270 చొప్పున 10,800, పదిమందికి 250 చొప్పున 2,500. వెరసి 13,300. సగటు బిల్లు 15,270.

మూడు వరుసల అట్ట పెట్టాక 45 మంది రెండో వరుస, 20 మంది మూడో వరుస తీసుకున్నారు. చిన్న సామాను కొన్నవారు నలభై నుంచి అరవై అయిదుకు పెరిగారు. సగటు బిల్లు 15,395కి చేరింది. చూడటానికి బ్రహ్మాండం. కాని మిగిలిందెంత? రెండో వరుసలో 270లో వంద తగ్గించాను కాబట్టి 170, నలభై అయిదు మందికి 7,650. మూడో వరుసలో 520లో రెండు వందలు తగ్గించాను కాబట్టి 320, ఇరవై మందికి 6,400. మొత్తం 14,050. అంటే అంత హడావుడికీ, పాతిక మంది కొత్తగా కొన్నందుకూ, వంద బిల్లుల మీద నాకు అదనంగా వచ్చింది 750 రూపాయలు.

డబ్బు ఎక్కడికి పోయింది? ఎలాగూ పూర్తి ధరకు కొనే ఆ నలభై మందికి కూడా నేను తగ్గించి ఇచ్చాను. కాంబోలో అసలు నష్టం ఇక్కడే ఉంటుంది. కొత్తగా కొన్నవారు కళ్లకు కనబడతారు. అడగకుండానే తగ్గింపు పొందిన పాతవారు కనబడరు. "ఈ వారం అరవై అయిదు సెట్లు అమ్మాం" అని కుర్రాడు గొప్పగా చెప్పినప్పుడు, నేను అడగాల్సిన ప్రశ్న, వంద బిల్లుల మీద మొత్తం ఎంత మిగిలింది అని. సెట్ల సంఖ్య కాదు, సగటు బిల్లు కూడా కాదు.

అప్పుడు ధర తగ్గించడం మాని, పని కలిపాను. రెండో వరుస పూర్తి ధర 15,400. కాని గ్లాసు మేమే అతికిస్తాం, ఆరు నెలల్లో పగిలితే ఒకసారి ఉచితంగా మార్చి ఇస్తాం. ఆ మాట అట్ట మీద రాసి, బిల్లు మీద కూడా రాసి ఇచ్చాం. ఇది నిజంగానే ఉచితం, ఎందుకంటే గ్లాసు ధర మారలేదు. నాకు ఒక గ్లాసు ఖరీదు 40. అందరూ తిరిగి రారు, సగం మంది వస్తారనుకుంటే మనిషికి 20 పడుతుంది. మూడో వరుసకు వంద రూపాయల తగ్గింపు ఉంచి 16,400 చేశాను, ఎందుకంటే ఛార్జరు దగ్గర జనం నిజంగా వెనకాడతారు.

ఈసారి 44 మంది రెండోది, 20 మంది మూడోది తీసుకున్నారు. తగ్గింపు తీసేస్తే సెట్లు పడిపోతాయని భయపడ్డాను, పడిపోయింది ఒక్కటి. మిగిలింది, నలభై నాలుగు మందికి 250 చొప్పున 11,000, ఇరవై మందికి 400 చొప్పున 8,000. మొత్తం 19,000. పాత 13,300 మీద ఇది 5,700 ఎక్కువ. గ్లాసు మార్పించుకోవడానికి వచ్చినవాళ్లలో కొందరు కేబుల్ కొన్నారు, కొందరు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. అది ఈ లెక్కలో కలపలేదు.

ఈ సంఖ్యలు మా బజారువి. మీ దగ్గర వేరుగా ఉంటాయి. పండుగ వారాన్నీ మామూలు వారాన్నీ పోల్చి చూస్తే అబద్ధపు జవాబు వస్తుంది. నేను ఒక వారం అట్ట పెట్టి, మరో వారం తీసేసి, అలా రెండు నెలలు చూశాను. నోటు పుస్తకంలో రోజుకు నాలుగే గళ్లు: ఎన్ని ఫోన్లు, చిన్న సామాను మీద ఎంత వసూలు, అందులో ఎంత మిగిలింది, ఎన్ని తిరిగి వచ్చాయి. నాలుగో గడి చాలామంది రాయరు. సెట్టులో ఏదైనా నాసిదో, సరిపోనిదో ఉంటే మొదట తెలిసేది ఆ గడిలోనే.

సరిపోని సామాను

తిరిగి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పాడైనవి కావు, జత కుదరనివి. అందులో మొదటిది ఛార్జరు. పెట్టె మీద 25 వాట్లు అని ఉన్నంత మాత్రాన ఏ 25 వాట్ల ఛార్జరైనా పనిచేయదు. సామ్‌సంగ్ ఫోన్లు ఆ వేగం అందుకోవాలంటే ఛార్జరులో పీపీఎస్ అనే సదుపాయం ఉండాలి. లేకపోతే ఛార్జింగు అవుతుంది, నెమ్మదిగా అవుతుంది. కొన్ని కంపెనీలకైతే సొంత పద్ధతి, వాటి ఛార్జరు, వాటి కేబుల్ రెండూ ఉంటేనే పూర్తి వేగం. అందుకే మూడో వరుస అమ్మే ముందు ఫోను తెరిచి, ఛార్జరు గుచ్చి, కొనేవారికే చూపిస్తాం. సామ్‌సంగ్‌లో అయితే తెర మీద Super fast charging అని రావాలి. రాకపోతే ఆ ఛార్జరు ఆ సెట్టులో ఉండటానికి వీల్లేదు.

గ్లాసుకూ ఇలాంటి చిక్కే ఉంది. అంచులు వంపు తిరిగిన తెరకు మామూలు చదును గ్లాసు అతకదు, పక్కల్లో గాలి నిలిచి రెండో రోజుకే లేస్తుంది. తెర లోపలే వేలిముద్ర చదివే ఫోన్లలో కొన్ని గ్లాసులు పెడితే వేలు సరిగా పట్టదు. గ్లాసు అతికించాక వేలిముద్ర మళ్లీ నమోదు చేయించి, పనిచేసిందని చూశాకే డబ్బు తీసుకుంటాం. రెండు నిమిషాల పని ఇది. ఈ రెండు నిమిషాలు దాటవేసిన ప్రతిసారీ మర్నాడు పావుగంట పోయింది.

టీవీల దగ్గర కూడా ఇదే పద్ధతి పెట్టాలని చూశాను. అక్కడ చేతులు కాల్చుకున్నాక కొంత వెనక్కి తగ్గాను. గోడ స్టాండు కలపడం సబబే. కాని టీవీ వెనుక రంధ్రాల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి, స్టాండు దానికి సరిపోతుందో చూడాలి. కొన్ని కంపెనీలు తామే మనిషిని పంపి బిగిస్తాయి, స్టాండు కూడా తెస్తాయి. అలాంటి టీవీకి మనం స్టాండు అంటగడితే రెండు రోజుల్లో అది మన దగ్గరికే తిరిగి వస్తుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ చాలావరకు సెట్‌టాప్ బాక్సుతోనే ఉంటుంది. ఏసీకి స్టెబిలైజరు సంగతి మరీ జాగ్రత్త. ఈ మధ్య వచ్చే చాలా ఇన్వర్టర్ ఏసీలు కొంత హెచ్చుతగ్గుల వోల్టేజీని తామే తట్టుకుంటాయి, ఆ హద్దులు పెట్టె మీద ఉంటాయి. కొనేవారి ఊళ్లో కరెంటు ఆ హద్దులు దాటుతుందా అని అడగాలి. దాటే ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి, వారికి స్టెబిలైజరు తప్పనిసరి. దాటని పట్నం అపార్టుమెంటుకు అది దండగ.

ఇక ఎక్స్‌టెండెడ్ వారంటీ. మిగులు బాగా ఉండే సరుకు కాబట్టి కౌంటర్లో అందరూ దీన్ని కలపాలని చూస్తారు. గొడవలు కూడా దీని మీదే ఎక్కువ. కారణం ఒక్కటే. కొనేవారు దాన్ని బీమా అనుకుంటారు. ఫోను కిందపడి తెర పగిలితే బాగుచేయిస్తారనుకుంటారు. సాధారణంగా అది కంపెనీ ఇచ్చే మొదటి ఏడాది ముగిశాక మొదలవుతుంది, లోపల తనంతట తానే వచ్చే లోపాలకే పనికొస్తుంది. కిందపడటానికి, నీళ్లలో పడటానికి వేరే ప్లాను, వేరే డబ్బు. మా కుర్రాళ్లకు చెప్పాను, ముందు "ఇది తెర పగిలితే పనికిరాదు" అని చెప్పి ఆ తర్వాతే అమ్మండి అని. అమ్మకం తగ్గింది. దీన్ని నేను ఏ వరుసలోనూ కలపలేదు, అడిగినవారికి విడిగానే ఇస్తాను.

బిల్లు, చట్టం, వాట్సాప్

ఇవన్నీ మంచితనం కోసమే కాదు, చట్టం కూడా ఇవే అడుగుతోంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, మొత్తం ధరలో పూర్తిగానో కొంతో కలిపి వసూలు చేసిన వస్తువును ఉచితమన్న భ్రమ కలిగించేలా ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. నా మెగా కాంబో బోర్డు సరిగ్గా అదే. ఒక వస్తువు కావాలంటే ఇంకొకటి కొనితీరాలి అని షరతు పెట్టడం కూడా అదే చట్టంలో నిర్బంధ వ్యాపార పద్ధతి కిందకు వస్తుంది. సరుకు తక్కువగా ఉన్న మోడల్ ఫోనును "సెట్టుతో అయితేనే ఇస్తాం" అనేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అట్ట మీద మొదటి వరుస ఉండాల్సిన కారణం ఇది కూడా.

వెబ్‌సైటు ద్వారా అమ్మేవారికి 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. తెర మీద కొనుగోలుదారుణ్ణి తప్పుదోవ పట్టించే పదమూడు రకాల అమరికలను అందులో పేర్కొన్నారు. వాటిలో ఒకటి, కొనేవారు కోరకుండానే బుట్టలోకి అదనపు సరుకు చేర్చి మొత్తం పెంచడం. వారంటీ గడిలో ముందుగానే టిక్కు పెట్టి ఉంచడం ఈ కోవలోదే. గడి ఖాళీగా ఉంచండి, టిక్కు కొనేవారే పెట్టాలి. వాట్సాప్‌లో ఆర్డరు తీసుకునేటప్పుడు నేను అదే మూడు వరుసలు పంపి, "ఒకటా, రెండా, మూడా?" అని అడుగుతాను. జవాబు అంకెలో వస్తుంది, తర్వాత మాట తేడా రాదు.

బిల్లులో ప్రతి వస్తువూ విడి వరుసలో, విడి ధరతో ఉండాలి. తగ్గింపు వేరే వరుసలో కనబడాలి. అమ్మే సమయంలో ఇచ్చే తగ్గింపును బిల్లులో చూపితేనే దానిపై జీఎస్టీ పడకుండా ఉంటుంది. ఒకే ధర వేసి సంబంధం లేని వస్తువులను కలిపి అమ్మితే అన్నిటికీ కలిపి అందులో ఎక్కువ ఉన్న పన్ను రేటే పడుతుంది. 32 అంగుళాలు దాటిన టీవీల మీద 2025 సెప్టెంబరు 22 దాకా 28 శాతం ఉండేది. అప్పట్లో అలాంటి టీవీకి 18 శాతం సరుకు కలిపి ఒకే ధర వేసిన దుకాణాలకు ఈ చిక్కు ఉండేది. ఇప్పుడు టీవీ, ఫోను, ఛార్జరు అన్నీ 18 శాతమే కాబట్టి మన కౌంటర్లో ఆ బెడద తగ్గింది. అయినా విడి వరుసలు మానొద్దు. సెట్టులో ఒక్కటి పాడైతే ఎంత తిరిగివ్వాలో ఆ వరుసే చెబుతుంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్ఫై రోజుల్లోగా వెనక్కి తీసుకోనని నిరాకరించడం కూడా ఆ 2019 చట్టం ప్రకారం తప్పే. మాష్టారు నెక్‌బ్యాండు తెచ్చింది ఇరవయ్యో రోజున.

కిందటేడు ఆయన చిన్న కూతురికి ఫోను కొనడానికి మళ్లీ వచ్చారు. అట్ట చదివి రెండో వరుస మీద వేలు పెట్టారు. "పౌచ్ వద్దు, అక్కది ఉంది, గ్లాసు చాలు" అన్నారు. అలాంటి వరుస అట్ట మీద లేదు. ఫోను 15,000, గ్లాసు 150 అని రెండు వరుసల బిల్లు రాసి, గ్లాసు అతికించి, కింద ఆరు నెలల మాట రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని బిల్లు పైనుంచి కిందికి ఒకసారి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.